రాగి 63.546 ఎలా అయింది? ఐసోటోపులు, సగటు పరమాణు ద్రవ్యరాశి: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడ మీద సాయంత్రం పూట ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంటాను. కింద రాసినవన్నీ వాళ్లు అడిగిన ప్రశ్నలే. వీటిలో ఒకటి మాత్రం నన్ను ఇరుకున పెట్టింది. గోవిందరాజస్వామి గుడి దగ్గర వాళ్ల నాన్నకు రాగి, ఇత్తడి సామాన్ల అంగడి ఉన్న ఒకమ్మాయి అడిగింది: "సార్, క్లోరిన్‌కీ 75:25 వచ్చింది, రాగికీ 75:25 వచ్చింది. ఫోన్‌లో చూస్తే రాగికి 69.15 అని ఉంది. తప్పెక్కడుంది సార్?" అప్పటికి "రౌండ్ చేసినందువల్ల వచ్చిన తేడాలే అమ్మా" అని దాటేశాను. రాత్రి కూర్చుని లెక్క వేస్తే నేను చెప్పింది సగమే నిజమని తేలింది. ఈ పేజీ రాయడానికి అదే కారణం. ఆ ప్రశ్న మధ్యలో వస్తుంది, దానికి కావలసిన సరంజామా ముందు చూద్దాం.

ఆవర్తన పట్టికలో రాగికి 63.546 అని ఉంది. అంత బరువున్న రాగి పరమాణువు ఉంటుందా?

ఒక్కటి కూడా ఉండదు. ప్రకృతిలో దొరికే రాగిలో రెండు రకాల పరమాణువులే ఉన్నాయి. రెండింటిలోనూ ప్రోటాన్లు 29. ఒకదానిలో న్యూట్రాన్లు 34, అది రాగి-63. ఇంకోదానిలో 36, అది రాగి-65. మొదటిదాని బరువు 62.9296 u, రెండోదాని బరువు 64.9278 u. ఇక్కడ u అంటే కార్బన్-12 పరమాణువు బరువులో పన్నెండో వంతు. 63.546 అన్నది ఈ రెండింటి మధ్య ఎక్కడో పడిన సగటు. ఇంటికి సగటున 3.6 మంది ఉన్నారంటే ఆ 0.6 మనిషి ఏ ఇంట్లోనూ కనబడడు కదా, ఇదీ అంతే.

రెండు కలిపి సగం చేస్తే 64 దగ్గర రావాలి కదా?

మామిడికాయల సీజన్‌లో చిత్తూరు వైపు మండీకి వెళ్లి చూడండి. ఒక బుట్టలో పది కాయలున్నాయి అనుకుందాం. ఏడు నీలం కాయలు, ఒక్కొక్కటి 200 గ్రాములు. మూడు తోతాపురి కాయలు, ఒక్కొక్కటి 500 గ్రాములు. 200, 500 కలిపి సగం చేసి కాయకు 350 గ్రాములని ధర కడితే కొన్నవాడు నష్టపోతాడు. బుట్ట మొత్తం బరువు 1400 ప్లస్ 1500, అంటే 2900 గ్రాములు. పదితో భాగిస్తే కాయకు 290. ఎక్కువ కాయలు ఏ రకమో సగటు ఆ రకం వైపు జరుగుతుంది. రాగిలో తేలిక రకం ఎక్కువ, కాబట్టి సగటు 64కు చేరకుండా 63.5 దగ్గరే ఆగిపోయింది.

అసలు లెక్క ఒకసారి పూర్తిగా చేసి చూపించండి.

సమృద్ధి అంటే ప్రకృతిలో దొరికే వంద పరమాణువుల్లో ఆ రకానివి ఎన్ని అని. రాగి-63 సమృద్ధి 69.15 శాతం, రాగి-65 సమృద్ధి 30.85 శాతం. శాతాన్ని వందతో భాగించి, ఆ ఐసోటోపు బరువుతో గుణించి, వచ్చినవి కూడాలి.

```
62.9296 × 0.6915 = 43.5158
64.9278 × 0.3085 = 20.0302
                   -------
                   63.546
```

వందతో భాగించడం మరిచిపోయి 6354 అని రాసుకొచ్చిన వాళ్లున్నారు. అది కళ్ల ముందే దొరికిపోయే తప్పు. దొరకని తప్పులు వేరే ఉన్నాయి.

రాగి-63 బరువు సరిగ్గా 63 ఎందుకు కాదు?

63 అన్నది ద్రవ్యరాశి సంఖ్య, అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టిన సంఖ్య. తూచిన బరువు కాదు. తూస్తే వేరేగా వస్తుంది.

దీన్ని చేత్తో లెక్క కట్టి చూడవచ్చు. ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్ కలిస్తే హైడ్రోజన్ పరమాణువు, దాని బరువు 1.007825 u. అలాంటివి 29 తీసుకుంటే 29.2269. న్యూట్రాన్ బరువు 1.008665 u. అవి 34 తీసుకుంటే 34.2946. రెండూ కలిపితే 63.5215. అంటే విడివిడిగా తూస్తే 63.52, రాగి-63గా ముడిపడ్డాక తూస్తే 62.93. మధ్యలో 0.59 u మాయమైంది. ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నప్పుడు శక్తి బయటికి పోతుంది, పోయిన శక్తికి సరిపడా బరువు తగ్గుతుంది. దాన్నే బంధన శక్తి అంటాం.

మరి తగ్గితే తగ్గింది, 63 కన్నా కిందికి ఎందుకు పోయింది? ఎందుకంటే మన కొలబద్ద కార్బన్-12. దానిలోనూ ఇలాంటి తగ్గుదల ఉంది, దాన్ని కలుపుకునే మనం సరిగ్గా 12 అని పేరు పెట్టుకున్నాం. రాగి కేంద్రకంలో ఒక్కో కణానికి పడే పట్టు కార్బన్‌లో కన్నా గట్టిది, అందుకే పూర్ణాంకం కన్నా 0.07 కిందికి దిగింది. రాగి-65 కూడా దాదాపు అంతే దిగింది. క్లోరిన్-35, క్లోరిన్-37 రెండూ 0.03 చొప్పున దిగాయి. ఈ 0.07, 0.03 గుర్తు పెట్టుకోండి, వీటితో పని ఉంది.

బరువుల బదులు 63, 65 వేసి లెక్క చేస్తే ఏమవుతుంది?

సగటు కనుక్కునే లెక్కలో పెద్దగా ఏమీ కాదు. 63ను 0.6915తో, 65ను 0.3085తో గుణించి కూడితే 63.617 వస్తుంది. అసలు విలువకు తేడా 0.07. నూటికి పదోవంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఇంట్లో వాడే త్రాసులో ఇంతకన్నా ఎక్కువ తేడా ఉంటుంది. అందుకే పిల్లలకు ఈ షార్ట్‌కట్ మీద నమ్మకం కుదిరిపోతుంది. ఆ నమ్మకంతోనే లెక్కను తిరగేసి చేస్తారు. చిక్కు అక్కడ వస్తుంది.

తిరగేసిన లెక్కలో క్లోరిన్‌కీ రాగికీ 75:25 వచ్చింది. రెండూ నిజమేనా?

ఇదే ఆ అమ్మాయి ప్రశ్న. తిరగేసిన లెక్క అంటే సగటు ఇచ్చి సమృద్ధి అడగడం. తేలిక ఐసోటోపు వాటా x అనుకుంటే, కొద్దిపాటి బీజగణితంతో ఇలా వస్తుంది:

```
x = (బరువైన దాని ద్రవ్యరాశి − సగటు) ÷ (రెండింటి తేడా)
```

పుస్తకాల్లో లెక్క ఇచ్చే తీరు ఇది: క్లోరిన్ 35, 37, సగటు 35.5. రాగి 63, 65, సగటు 63.5. మొదటిది (37 − 35.5) ÷ 2, అంటే 0.75. రెండోది (65 − 63.5) ÷ 2, అదీ 0.75. రెండూ 75 శాతమే. కానీ ప్రకృతిలో క్లోరిన్-35 వాటా 75.76 శాతం, రాగి-63 వాటా 69.15 శాతం. క్లోరిన్ జవాబు నిజానికి ఒక శాతం లోపు దూరంలో ఉంది. రాగి జవాబు దాదాపు ఆరు శాతం తప్పింది. ఒకే పద్ధతి, ఒకే రకం ఉజ్జాయింపు. ఒకచోట బాగా పనిచేసి ఇంకోచోట ఎందుకు దెబ్బతింది?

రెండు ఐసోటోపుల మధ్య దూరం 2 మాత్రమే అన్నది ముందు గమనించండి. ఆ రెండు యూనిట్ల పొడవులోనే 0 నుంచి 100 శాతం దాకా ఇరికించాం. కాబట్టి సగటులో 0.02 తేడా వస్తే సమృద్ధిలో ఒక శాతం తేడా వస్తుంది. 63.5లో 0.07 అంటే ఏమీ కాదు, కానీ 2లో 0.07 అంటే మూడున్నర శాతం. ముందుకు చేసిన లెక్కలో కనబడని తప్పు వెనక్కి చేసినప్పుడు ఒళ్లు విరుచుకుని లేస్తుంది.

ఇప్పుడు రాగిలో ఎన్ని తప్పులు చేశామో చూద్దాం. అసలు బరువులు, అసలు సగటు వేస్తే:

```
(64.9278 − 63.546) ÷ 1.9982 = 0.6915
```

సరిగ్గా 69.15 శాతం. ఇక మొదటి తప్పు, బరువుల బదులు 63, 65 వేయడం. దాంతో రెండు కొసలూ 0.07 పైకి జరిగాయి, సగటు మాత్రం ఉన్నచోటే ఉంది. అంటే సగటు తేలిక కొసకు దగ్గరైనట్టు కనబడింది, తేలిక దాని వాటా పెరిగింది: (65 − 63.546) ÷ 2, అంటే 72.7 శాతం. రెండో తప్పు, 63.546ను 63.5 చేయడం. సగటు 0.046 కిందికి దిగింది, తేలిక కొసకు ఇంకాస్త దగ్గరైంది, వాటా మరో 2.3 శాతం పెరిగి 75 అయింది. రెండు తప్పులూ ఒకే వైపుకు తోశాయి.

క్లోరిన్‌లో అలా కాదు. అసలు సగటు 35.453. కొసలను 35, 37 చేస్తే అవి 0.03 పైకి జరిగి, తేలిక దాని వాటా 75.76 నుంచి 77.35కు పెరిగింది. తర్వాత 35.453ను 35.5 చేశాం, అంటే ఈసారి సగటు 0.047 పైకి ఎక్కింది. దాంతో వాటా 2.35 తగ్గి 75కు దిగింది. ఒక తప్పు పైకి లాగితే ఇంకోటి కిందికి లాగింది, మిగిలింది ముప్పావు శాతం తేడా. క్లోరిన్ జవాబు బాగుండడానికి కారణం మన పద్ధతి మంచిది కావడం కాదు, రెండు తప్పులు ఒకదాన్నొకటి తినేయడం. "రౌండ్ చేసినందువల్ల" అని నేను చెప్పింది రాగిలో 2.3 శాతానికే జవాబు. మిగిలిన మూడున్నర శాతం బంధన శక్తి చేసిన పని. మర్నాడు క్లాసులో బోర్డు మీద ఇదంతా వేసి చూపిస్తే, "అయితే క్లోరిన్‌ది లక్కు సార్" అంది. నిజమే, అదే మాట.

అయితే పరీక్షలో 75 రాయాలా, 69.15 రాయాలా?

ప్రశ్నలో ఏ అంకెలు ఇస్తే వాటితోనే చేయండి. 63, 65, 63.5 ఇచ్చి సమృద్ధి అడిగితే జవాబు 75 శాతమే, మార్కులు దానికే. మీకు తెలుసు కదా అని 69.15 రాస్తే దిద్దేవారికి అది ఎక్కడి నుంచి ఊడిపడిందో అర్థం కాదు. నా అభిప్రాయం అడిగితే మాత్రం, ఈ లెక్కకు రాగిని ఎంచుకోవడం మంచి పని కాదు. లేదా అసలు బరువులు ఇచ్చి చేయమనాలి.

30.85 శాతం అంటే బరువులో 30.85 శాతమా?

కాదు, పరమాణువుల లెక్కలో. చెంబు తీసుకుని చూద్దాం. స్వచ్ఛమైన రాగితో చేసిన 400 గ్రాముల చెంబు అనుకోండి. దానిలో రాగి-65 ఎన్ని గ్రాములు ఉంది? 400లో 30.85 శాతం అని 123.4 గ్రాములు రాస్తే తప్పు. వంద పరమాణువుల్లో 30.85 అవే, కానీ ఒక్కొక్కటి పక్కదానికన్నా బరువు ఎక్కువ, కాబట్టి బరువులో వాటి వాటా కొంచెం పెరగాలి. పైన వేసిన లెక్కలోనే జవాబు ఉంది: 63.546లో రాగి-65 తెచ్చింది 20.0302. భాగిస్తే 31.52 శాతం. 400 గ్రాముల చెంబులో సుమారు 126 గ్రాములు.

మామిడి బుట్టలో ఇది ఇంకా బాగా కనబడుతుంది. తోతాపురి కాయలు పదిలో మూడే, కానీ 2900 గ్రాముల్లో 1500 వాటివే.

జవాబు తప్పని చూడగానే ఎట్లా తెలుస్తుంది?

సగటు ఎప్పుడూ రెండు బరువుల మధ్యే ఉండాలి, ఎక్కువ ఉన్నదాని వైపు వాలి ఉండాలి. తిరగేసిన లెక్కలో x రుణ సంఖ్య వచ్చినా, ఒకటి దాటినా, తేలికదీ బరువుదీ తారుమారు చేశారన్నమాట, లేదా సగటు తప్పుగా ఎక్కించుకున్నారు.

మూడు ఐసోటోపులుంటే సమృద్ధి కనుక్కోవచ్చా?

సగటు ఒక్కటే ఇస్తే కుదరదు. మెగ్నీషియంకు 24, 25, 26 మూడూ ఉన్నాయి, సగటు 24.305. తెలియనివి మూడు వాటాలు. మన చేతిలో ఉన్న సమీకరణాలు రెండు: వాటాలన్నీ కలిపితే 1, సగటు 24.305. మూడో సమాచారం ఇవ్వాలి. మెగ్నీషియం-25 వాటా 10 శాతం అని చెబితే మిగతావి 78.99, 11.01 అని వస్తాయి.

ఈ శాతాలను అసలు ఎవరు, ఎలా కొలిచారు?

పరమాణువుల బరువులన్నీ హైడ్రోజన్ బరువుకు పూర్ణాంక రెట్లుగా ఉండాలని విలియం ప్రౌట్ 1815లో ఒక ఊహ చేశాడు. క్లోరిన్ 35.5 దానికి అడ్డం తిరిగింది, ఎంత జాగ్రత్తగా తూచినా పూర్ణాంకం కాలేదు. ఐసోటోపులనే భావనను ఫ్రెడరిక్ సాడీ 1913లో చెప్పాడు. ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో మాస్ స్పెక్ట్రోగ్రాఫ్ కట్టాక క్లోరిన్‌లో 35, 37 విడివిడిగా కనబడ్డాయి.

ఇవాళ వాడే మాస్ స్పెక్ట్రోమీటర్ సూత్రం అదే. పరమాణువులకు విద్యుదావేశం ఇచ్చి అయస్కాంత క్షేత్రంలోంచి పంపితే తేలికవి ఎక్కువ వంగుతాయి, బరువైనవి తక్కువ. ఒక్కో చోట ఎంత కరెంటు వచ్చిందో కొలిస్తే వాటి నిష్పత్తి తెలుస్తుంది. రాగికి 63 దగ్గర వచ్చేది 65 దగ్గర వచ్చేదానికి సుమారు 2.24 రెట్లు ఉండాలి.

అయితే యంత్రం చూపిన నిష్పత్తిని ఉన్నదున్నట్టు నమ్మకూడదు. తేలిక అయాన్లు, బరువైన అయాన్లు ఒకే నిష్పత్తిలో చివరిదాకా చేరవు. అందుకే రెండు ఐసోటోపులనూ ముందే వేరుచేసి, తెలిసిన పాళ్లలో తూచి కలిపిన మిశ్రమాన్ని యంత్రంలో పెట్టి, అది ఎంత పక్కకు చూపిస్తోందో తెలుసుకుని ఆ మేరకు సరిదిద్దుతారు.

ఇంకో గమ్మత్తైన చిక్కు ఉంది. ఆర్గాన్ ప్లాస్మా వాడే యంత్రాల్లో నమూనాలో సోడియం మిగిలిపోతే, ఆర్గాన్-40, సోడియం-23 అతుక్కుని 63 అవుతాయి. రాగి-63 ఉన్నచోటే అవీ వచ్చి కూర్చుంటాయి. 63 దగ్గర లెక్క ఉబ్బుతుంది, రాగి అసలు కన్నా తేలికగా కనబడుతుంది. పట్టుకోవడానికి రాగి లేని ఉప్పు ద్రావణాన్ని విడిగా పంపి చూస్తారు. రాగే లేనప్పుడు 63 దగ్గర ఏదైనా వస్తే అది ఎవరి పనో తెలిసిపోతుంది. అసలు కొలత ముందు సోడియంను రసాయనికంగా తీసేస్తారు.

ఏ గనిలో తవ్విన రాగికైనా 63.546 వస్తుందా?

దాదాపుగా. పట్టికలో 63.546 పక్కన ± 0.003 అని ఉంటుంది. ఆ 0.003ను 2తో భాగించండి, 0.15 శాతం వస్తుంది. రాగి-63 సమృద్ధిని 69.15 ± 0.15 అని ఇచ్చేది కూడా అందుకే. ఖనిజాన్ని బట్టి రాగి పాళ్లు కొద్దిగా మారతాయి, కాబట్టి ఇంకా మంచి యంత్రం తెచ్చినా భూమ్మీద ఉన్న రాగి అంతటికీ కలిపి ఒకే విలువను ఇంతకన్నా కచ్చితంగా చెప్పలేం.

సీసం సంగతి వేరు. యురేనియం, థోరియం క్షీణిస్తూ పోయి చివరికి సీసంగా ఆగుతాయి. యురేనియం-238 నుంచి సీసం-206, థోరియం-232 నుంచి సీసం-208. కాబట్టి ఏ ఖనిజం పక్కన పుట్టిందన్న దాన్ని బట్టి సీసం బరువు మారుతుంది. యురేనియం ఖనిజాల్లోంచి తీసిన సీసం మామూలు సీసం కన్నా తేలిక అని థియోడర్ రిచర్డ్స్ 1914లో తూచి చూపించాడు. ఇప్పుడు సీసానికి ఒకే అంకె కాకుండా 206.14 నుంచి 207.94 దాకా అని ఒక పరిధి ఇస్తున్నారు. మన పొరుగున కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది కాబట్టి పిల్లలు ఈ మాట వినగానే "అక్కడి సీసం తూస్తే ఎంత వస్తుంది సార్?" అని అడుగుతారు. ఖనిజం ఎంత పాతదో, పుట్టినప్పుడే దానిలో మామూలు సీసం ఎంత ఉందో తెలియకుండా ఆ లెక్క వేయలేం అని చెబుతాను. ఆ రెండూ ఇస్తే మాత్రం, పైన రాగికి వేసిన కూడికే దానికీ వేస్తాం.